మిగిలిన దూరంలో పదో వంతు

ఒక చిన్న కార్ల గేము రాస్తున్న రోజులవి. కారు వెనకాలే కెమెరా రావాలి, కానీ కట్టేసినట్టు రాకూడదు. కారు మలుపు తిరిగితే కెమెరా ఒక్క క్షణం వెనకబడి, తర్వాత మెత్తగా వచ్చి కలవాలి. ఆ మెత్తదనం కోసం ఒకే ఒక్క అంకెను వారం రోజులు అటూ ఇటూ మార్చి చూశాను. చివరికి 0.1 దగ్గర మనసుకు నచ్చింది. గేమును మా తమ్ముడి ఫోన్లో వేసిచ్చాను. వాడు రెండు నిమిషాలు ఆడి, "అన్నా, ఈ కెమెరా ఏంటి, కారుకి రాడ్డు పెట్టి వెల్డింగ్ చేసినట్టుంది?" అన్నాడు. నా లాప్‌టాప్ తెర సెకనుకు 60 బొమ్మలు చూపిస్తుంది, వాడి ఫోను 120 చూపిస్తుంది. కోడు మాత్రం రెండింట్లోనూ ఒకటే, అక్షరం తేడా లేదు.

యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో రాసిన ఆ వరుస ఇది:

```
camPos = Vector3.Lerp(camPos, target, 0.1f);
```

లెర్ప్ అంటే రెండు చోట్ల మధ్య ఇంత వంతు దూరంలో ఉన్న బిందువును చెప్పే లెక్క. మొదటి చోటు నుంచి రెండో చోటికి 0.1 వంతు, అంటే పదో వంతు ముందుకు జరగమని ఈ వరుస అర్థం. లెర్ప్‌లో తప్పేమీ లేదు. దాన్ని ప్రతి ఫ్రేములోనూ పిలుస్తూ, అది ఇచ్చిన జవాబునే మళ్లీ మొదటి చోటుగా వాడటంలో ఉంది చిక్కంతా. అలా వాడితే దాని అర్థమే మారిపోతుంది: "ప్రతి ఫ్రేములోనూ, ఇంకా మిగిలి ఉన్న దూరంలో పదో వంతు తీర్చు."

అప్పు తీర్చడంతో పోల్చి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఇద్దరు ఒకే రోజు తలా పది వేలు అప్పు తీసుకున్నారనుకోండి. మిగిలిన బాకీలో పదో వంతు కట్టాలన్నది ఇద్దరి ఒప్పందమూ. కానీ ఎప్పుడెప్పుడు కట్టాలో కాగితం మీద రాయలేదు. ఒకరు వారానికోసారి కడుతున్నారు, ఇంకొకరు రోజూ కడుతున్నారు. మొదటి వారం మొదటివారికి తొమ్మిది వేల బాకీ మిగిలితే, రెండోవారికి అయిదు వేలు కూడా మిగలదు. ఒప్పందంలో వంతు ఉంది, కాలం లేదు. నా కోడులో లేనిదీ అదే.

సినిమా రీలు ఎక్కడ వేసినా సెకనుకు 24 బొమ్మలే తిరుగుతుంది. గేముకు అలాంటి కట్టుబాటు లేదు. యంత్రం ఎంత వేగంగా గీయగలిగితే అంత వేగంగా ఒక్కో ఫ్రేమూ గీస్తుంది, గీసిన ప్రతిసారీ కోడు ఒకసారి నడుస్తుంది. ఒకే ఫోనులో కూడా ఈ వేగం నిలకడగా ఉండదు. ఎండాకాలం మధ్యాహ్నం ఫోను కాలిపోతుంటే, ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పటిదాకా 60 ఇచ్చిన ఫోను 40కో 30కో దిగుతుంది. అంటే నేను వారం రోజులు కూర్చుని కుదిర్చిన మెత్తదనం ఆ గదిలోని వేడిని బట్టి కూడా మారుతుందన్నమాట.

ఎంత మారుతుందో లెక్క వేసి చూద్దాం. కెమెరా తన చోటుకు 10 మీటర్ల దూరంలో ఉంది, ఆ చోటు కదలడం లేదు. అర సెకను తర్వాత ఎంత దూరం మిగులుతుంది? ప్రతి ఫ్రేముకీ మిగిలిన దూరం 0.9 రెట్లవుతుంది. సెకనుకు 30 ఫ్రేములైతే అర సెకనులో 15 ఫ్రేములు. పదిని పదిహేను సార్లు 0.9తో గుణిస్తే 2.06 మీటర్లు మిగులుతుంది. 60 అయితే ముప్ఫై సార్లు గుణించాలి, 42 సెంటీమీటర్లు మిగులుతుంది. 120 అయితే అరవై సార్లు, మిగిలేది రెండు సెంటీమీటర్ల కంటే తక్కువ. ఒకచోట కెమెరా ఇంకా కారు పొడవులో సగం దూరాన వేలాడుతుంటే, ఇంకోచోట వచ్చి అతుక్కుపోయింది. తమ్ముడు చెప్పిన రాడ్డు ఇదే.

ఇది తెలిశాక చాలామంది చేసే పనే నేనూ చేశాను. కిందటి ఫ్రేము నుంచి ఈ ఫ్రేముకు ఎంత కాలం గడిచిందో ప్రతి ఇంజినూ చెబుతుంది. దాన్నే డెల్టా టైమ్ అంటారు. ఫ్రేమ్‌రేటు గొడవ వస్తే డెల్టా టైమ్‌తో గుణించమనేది గేములు రాసేవాళ్లకు మొదటి రోజే నేర్పే పాఠం. సెకనుకు 60 ఫ్రేముల దగ్గర డెల్టా టైమ్ అరవయ్యో వంతు సెకను. అది 0.1 కావాలంటే ఆరుతో గుణించాలి కాబట్టి ఇలా రాశాను:

```
camPos = Vector3.Lerp(camPos, target, 6f * Time.deltaTime);
```

అదే పరీక్ష మళ్లీ చేస్తే అర సెకను తర్వాత మిగిలిన దూరం 30 దగ్గర 35 సెంటీమీటర్లు, 60 దగ్గర 42, 120 దగ్గర 46. ఇందాకటి రెండు మీటర్లూ రెండు సెంటీమీటర్ల తేడాతో పోలిస్తే ఇది ఎంతో నయం. చాలా గేములు ఇక్కడే ఆగిపోతాయి. అన్‌రియల్ ఇంజిన్‌తో పాటు వచ్చే FInterpTo కూడా లోపల చేసేది ఇంచుమించు ఈ గుణకారమే. కానీ ఇంకా తేడా ఉంది. ఎందుకుందో తెలియకపోతే ఇది ఎప్పుడు దెబ్బతీస్తుందో కూడా తెలియదు.

సమాధానం రెండు ఫ్రేములలో కనిపిస్తుంది. ముప్ఫయ్యో వంతు సెకను పట్టే ఒక ఫ్రేము తీసుకోండి. ఆరుతో గుణిస్తే 0.2, అంటే అయిదో వంతు తీరింది, 0.80 వంతు మిగిలింది. అదే కాలంలో వేగమైన యంత్రం రెండు ఫ్రేములు గీస్తుంది. ఒక్కోదానికి 0.1 తీరుతుంది. మొదటిదాని తర్వాత 0.9 మిగిలింది, రెండోదాని తర్వాత అందులో మళ్లీ 0.9 వంతు, అంటే 0.81. ఒక పెద్ద అడుగుకు 0.80, రెండు చిన్న అడుగులకు 0.81. రెండో అడుగు అప్పటికే తగ్గిన దూరంలోంచి తన వంతు తీసుకుంటుంది కాబట్టి ఈ తేడా. చక్రవడ్డీ, బారువడ్డీ ఒకటి కానట్టే ఇదీను. డెల్టా టైమ్‌తో గుణించడం కూడికల లెక్క. స్థిరమైన వేగంతో పోయే బండికి అది సరిగ్గా సరిపోతుంది. మిగిలినదానిలో వంతు తీసే పనిలో జరుగుతున్నది గుణకారం.

అయితే మనకు కావలసిందేమిటి? కాలాన్ని ఎలా ముక్కలు చేసినా, ఆ ముక్కలలో మిగిలిన వంతులన్నీ గుణిస్తే మొత్తం కాలానికి మిగలాల్సిన వంతే రావాలి. కాలాలను కూడితే వంతులు గుణించుకోవాలి. ఈ గుణం ఉన్నది ఘాతాల లెక్కకే: రెండు ఘాతాలను కూడితే ఫలితాలు గుణించుకుంటాయని బడిలో చదివిందే. స్విట్జర్లాండ్ గణిత శాస్త్రవేత్త యాకోబ్ బెర్నూలీ 1683లో వడ్డీ లెక్క వేస్తూ దీని అంచు దాకా వెళ్లాడు. నూటికి నూరు వడ్డీ మీద రూపాయి ఏడాదికోసారి కడితే రెండవుతుంది, ఆరు నెలలకోసారి వడ్డీ కలిపితే 2.25, నెల నెలా కలిపితే 2.61. ఎంత తరచుగా కలిపినా 2.718 దగ్గర ఆగుతుంది. ఆ అంకెనే తర్వాతి కాలంలో e అన్నారు. నా కెమెరా లెక్కలో 35, 42, 46 అని పెరుగుతూ వచ్చిన అంకెలు కూడా అలాగే ఒక అంచు వైపు పోతున్నాయి. ఫ్రేములు ఎన్ని పెంచినా అవి 50 సెంటీమీటర్లు దాటవు. ఆ అంచునే నేరుగా లెక్కకట్టి వాడితే ఫ్రేముల సంఖ్యతో పనే ఉండదు:

```
float t = 1f - Mathf.Exp(-k * Time.deltaTime);
camPos = Vector3.Lerp(camPos, target, t);
```

ఇక్కడ k అనేది తగ్గే జోరు. k ఆరు అయితే అర సెకను తర్వాత 30, 60, 120 మూడింటిలోనూ మిగిలేది 50 సెంటీమీటర్లే. ఫ్రేములు ఒకటి పొడుగు, ఒకటి పొట్టిగా వచ్చినా అంతే. ఇదే ఘాతీయ డ్యాంపింగ్. మారింది ఒక్క వరుస. 2024లో ఫ్రెయా హోల్మెర్ ఈ ఒక్క సంగతి మీదే ఒక ప్రసంగం చేసింది. దాని పేరుకు తెలుగు, లెర్ప్‌తో మెత్తబరచడం చెడిపోయింది అని. ఒక్క వరుస కోసం అంత సేపు మాట్లాడటం ఎక్కువ కాదని నా అభిప్రాయం. ఆ తప్పు వరుసను నేను ఎన్నో పాఠాల్లో, ఎందరి కోడులోనో చూశాను.

k అనే అంకె నాకు నచ్చదు. ఆరు అంటే ఎంత మెత్తనో ఎవరికీ తట్టదు. దాని బదులు అర్ధాయువు వాడటం మేలు: మిగిలిన దూరం సగం కావడానికి పట్టే కాలం. వేడి కాఫీ గదిలో పెడితే, గది కంటే అది ఎంత ఎక్కువ వేడిగా ఉందో ఆ తేడా కూడా దాదాపు ఇదే పద్ధతిలో తగ్గుతుంది. పావుగంటకు తేడా సగమైతే, ఇంకో పావుగంటకు ఆ సగంలో సగం. కెమెరాకు కూడా "0.1 సెకనుకు సగం" అని చెబితే, గేము రూపం దిద్దే మనిషికి కోడు రాకపోయినా చేతికి అందుతుంది.

```
float t = 1f - Mathf.Pow(0.5f, Time.deltaTime / halfLife);
```

పాత అంకెను వదులుకోవడం ఇష్టం లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. సెకనుకు 60 ఫ్రేముల దగ్గర 0.1తో కుదిరిన మెత్తదనమే కావాలంటే, ఆరు వాడకూడదు. 0.9కి సహజ సంవర్గమానం చూసి, గుర్తు తిప్పి, 60తో గుణించాలి. 6.32 వస్తుంది. అర్ధాయువు చెప్పాలంటే దాదాపు 0.11 సెకను. అలా చేస్తే అర సెకను పరీక్షలో మూడు వేగాల దగ్గరా 42 సెంటీమీటర్లు మిగులుతుంది, నేను మొదట లాప్‌టాప్ మీద చూసి ఇష్టపడ్డ 42.

35కీ 50కీ తేడా కంటికి ఆనుతుందా అని అడగవచ్చు. ఫ్రేములు నిలకడగా వస్తున్నంతసేపు అంతగా ఆనదు. తేడా బయటపడేది గేము తడబడ్డప్పుడు. కొత్త వీధి లోడవుతూ ఒక ఫ్రేముకు పావు సెకను పట్టిందనుకోండి. ఆరుతో గుణిస్తే 1.5. అంటే మిగిలిన దూరానికి ఒకటిన్నర రెట్లు జరగమని చెప్పినట్టు. పది మీటర్ల వెనక ఉన్న కెమెరా తన చోటు దాటి అయిదు మీటర్లు ముందుకు పోతుంది. యూనిటీలో Mathf.Lerp, Vector3.Lerp ఒకటి దాటిన వంతును ఒకటి దగ్గరే ఆపేస్తాయి కాబట్టి అక్కడ దాటిపోదు, కానీ పది మీటర్లూ ఒక్క ఫ్రేములో దూకేస్తుంది. గోడో ఇంజిన్‌లోని lerp అలా ఆపదు. ఆపనిచోట k పది ఉండి ఫ్రేముకు పావు సెకను చొప్పున పడుతూ ఉంటే వంతు 2.5 అవుతుంది. పది మీటర్లు వెనకున్నది పదిహేను మీటర్లు ముందుకు, అక్కడి నుంచి ఇరవై రెండున్నర మీటర్లు వెనక్కు, అలా ప్రతి ఫ్రేముకూ ఊపు పెరుగుతూ తెరలో ఏమీ మిగలదు. ఘాతీయ లెక్కలో పావు సెకను ఫ్రేము వచ్చినా, k ఆరు అయితే 2.23 మీటర్లు మిగులుతుంది, అంతే. కాలం ఎంత పొడుగైనా ఆ వంతు ఒకటిని దాటదు. అందుకే ఎక్కడా ఆపే పని పెట్టుకోనక్కర్లేదు.

కాలాన్ని మరిచిన మొదటి వరుసకు ఇంకో లక్షణం ఉంది, దీన్ని పరీక్ష లేకుండానే పట్టుకోవచ్చు. గేమును పాజ్ చేయండి. యూనిటీలో timeScale సున్నా చేస్తే కారు ఆగిపోతుంది, డెల్టా టైమ్ సున్నా అవుతుంది. Update మాత్రం నడుస్తూనే ఉంటుంది. కెమెరా ఇంకా మెల్లగా కదులుతోందంటే, ఎక్కడో 0.1 లాంటి ఒట్టి అంకె ఉందన్నమాట. స్లో మోషన్‌లోనూ అంతే: లోకమంతా నీళ్లలో నడిచినట్టు నడుస్తుంటే కెమెరా ఒక్కటే పూర్తి వేగంతో పోతుంది.

ఘాతీయ డ్యాంపింగ్ అన్ని జబ్బులకూ మందు కాదు. ఇప్పటిదాకా కెమెరా చేరాల్సిన చోటు కదలకుండా ఉందనుకున్నాం. నిజానికి కారు పరుగెడుతూ ఉంటుంది. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ఆ చోటు ఎలా కదిలిందో మన వరుసకు తెలియదు, చివరకు ఎక్కడ ఉందో అదే తెలుసు. దాని ఫలితంగా కొంచెం తేడా మళ్లీ వస్తుంది. కారు సెకనుకు 10 మీటర్ల వేగంతో నేరుగా పోతుంటే, k ఆరు అయినప్పుడు కెమెరా ఎప్పుడూ కొంత వెనక ఉంటుంది. వేగాన్ని kతో భాగిస్తే వచ్చే 1.67 మీటర్లు దానికి అంచు. లెక్క వేస్తే 30 దగ్గర 1.51 మీటర్లు, 60 దగ్గర 1.58, 120కి కొంచెం పైన. ఏడెనిమిది సెంటీమీటర్ల తేడా ఎవరూ గమనించరు. కానీ ఒకే యంత్రంలో ఫ్రేముల పొడవు క్షణక్షణం మారుతుంటే ఈ వెనకబాటు కూడా కొంచెం ఊగుతుంది. కారు తెర మీద సన్నగా వణికినట్టు కనిపిస్తే ముందు దీన్ని అనుమానించాలని నేను మొదట అనుకున్నాను. చూడగా చూడగా తెలిసింది, ఆ వణుకు చాలాసార్లు వేరే చోటు నుంచి వస్తుంది. కారును ఫిజిక్స్ నడుపుతుంటే అది మామూలుగా సెకనుకు 50 సార్లే కదులుతుంది, కెమెరా 60 సార్లు కదులుతుంది. కొన్ని ఫ్రేముల్లో కారు కదలనే కదలదు. దానికి మందు కారు రిజిడ్‌బాడీ మీద ఇంటర్‌పొలేషన్ పెట్టడం, కెమెరాను LateUpdateలో, అంటే కారు కదిలాక కదిలించడం. k ఎంత మార్చినా ఆ వణుకు పోదు.

రెండో పరిమితి మొదటి క్షణానికి సంబంధించింది. పది మీటర్ల దూరం, k ఆరు అంటే కెమెరా బయలుదేరే వేగం సెకనుకు 60 మీటర్లు. నిలబడి ఉన్నది ఒక్కసారిగా ఆ వేగం అందుకుంటుంది, తర్వాత తగ్గుతూ పోతుంది. ఆగడం మెత్తగా ఉంటుంది, బయలుదేరడం మాత్రం కుదుపే. కారు వెనక వచ్చే కెమెరాకు ఇది కనిపించదు, ఎందుకంటే కారు చోటు మారి దూకదు. ఒక పాత్ర నుంచి ఇంకో పాత్రకు కెమెరా మారినప్పుడు మాత్రం మొహం మీద కొట్టినట్టుంటుంది. అలాంటి చోట స్ప్రింగు లెక్క కావాలి. కిందటి వేగాన్ని గుర్తుపెట్టుకుని, బయలుదేరడాన్ని కూడా మెత్తబరిచే స్ప్రింగు అది. యూనిటీలోని SmoothDamp ఆ జాతిదే. థామస్ లో 2004 నాటి గేమ్ ప్రోగ్రామింగ్ జెమ్స్ నాలుగో సంపుటిలో వివరించిన పద్ధతి అది.

ఇదంతా తెలిశాక నా గేములో ఆ పాత వరుస ఇంకెక్కడెక్కడ ఉందో వెతికాను. కెమెరా ఒక్కచోటే కాదు, స్టీరింగ్ తిరిగేచోట, ఇంజిన్ చప్పుడు ఎక్కే దిగేచోట, తెర మూలలో ఇంధనం పట్టీ తగ్గేచోట కూడా ఉంది. ఒక్కోదాన్నీ మార్చిన తర్వాత Application.targetFrameRate విలువను 30, 60, 120గా పెట్టి నడిపి, అర సెకను దగ్గర విలువ రాసుకున్నాను. కంప్యూటర్ మీద దీనికి ముందు QualitySettings.vSyncCountను సున్నా చేయాలి, లేకపోతే తెర వేగమే నడుస్తుంది, మనం పెట్టిన సంఖ్య పట్టదు. స్టీరింగ్ దగ్గర ఇంకో జాగ్రత్త పడాల్సి వచ్చింది. 350 డిగ్రీల నుంచి 10 డిగ్రీలకు మామూలు లెర్ప్ పోతే చక్రం వెనక్కు దాదాపు పూర్తి చుట్టు తిరుగుతుంది. కోణాలకు Mathf.LerpAngle వాడాలి, దానికిచ్చే వంతు మాత్రం అదే ఘాతీయ వంతు.

ఇంధనం పట్టీ ఎప్పటికీ పూర్తిగా సున్నాకు రాలేదు. మిగిలినదానిలో ఎంత వంతు తీసినా ఎంతో కొంత మిగులుతుంది కదా. తేడా తెర మీద అర పిక్సెల్ కంటే తగ్గగానే నేరుగా సున్నా పెట్టేశాను. ఒకచోట మాత్రం ఒట్టి 0.1ను ముట్టుకోకుండా వదిలేశాను. టైరు జారుడును మెత్తబరిచే ఆ వరుస FixedUpdateలో ఉంది. అక్కడ కాలం ఎప్పుడూ 0.02 సెకనే, ఏ ఫోనులోనైనా.